ఇంటర్ ఫలితాల సాయంత్రం పిల్లలకు పంపే రెండు నిమిషాల మాట: అబద్ధం లేకుండా రాయడం ఎలా

హన్మకొండ చుట్టుపక్కల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో చాలా ఏళ్లుగా మ్యాథ్స్ చెబుతున్నాను. ఫలితాలు వచ్చిన మర్నాడు ఫెయిలైన పిల్లల ముందు నిలబడి నేను మొదటిసారి మాట్లాడింది నాకు ఇంకా గుర్తుంది. "మార్కులే జీవితం కాదు" అని మొదలుపెట్టాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు తల ఎత్తి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మరి మొన్నటి దాకా మార్కులే అన్నరు కద సార్?" నా దగ్గర జవాబు లేదు. మార్చి దాకా స్లిప్ టెస్టుల్లో మార్కు తగ్గితే నిలబెట్టింది నేనే.

ఆ రోజు నుంచి ఈ మాటను ముందే కాగితం మీద రాసుకుంటున్నాను. లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, ఊళ్లో పిల్లలు మాట వినే అన్నలు, అక్కలు ఎవరైనా ఇలాంటి స్క్రిప్టు రాసుకోవచ్చు. నేను ఒక్క సందర్భాన్నే తీసుకుంటాను. ఇంటర్ ఫస్టియర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు పోయిన విద్యార్థికి, ఫలితాలు వచ్చిన సాయంత్రం, ఫోన్‌లో పంపే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్.

మొదటి అడుగు: ఒక్క పిల్లనే ఎదురుగా పెట్టుకోవాలి

"ప్రియమైన విద్యార్థులారా" అని మొదలుపెడితే ఆ మాట ఎవరికీ తగలదు. ఫెయిలైన పిల్ల ఆ సాయంత్రం తనను గుంపులో ఒకరిగా అనుకోదు. ప్రపంచంలో తానొక్కతే అన్నట్టు ఉంటుంది. అందుకే రాసేటప్పుడు మనకు తెలిసిన ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి.

నా స్క్రిప్టుకు ఎదురుగా కూర్చున్నది నర్సంపేట వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి. ఎంపీసీ ఫస్టియర్. మ్యాథ్స్ 1ఏ లో 75కు 17 వచ్చాయి. మిగతావన్నీ పాస్. ఇంట్లో పత్తి వ్యవసాయం. తండ్రికి మార్కుల మెమో చదవడం రాదు, కానీ పాస్, ఫెయిల్ అన్న మాటలు తెలుసు. ఆ అమ్మాయి ఆ సాయంత్రం ఏం చేస్తూ ఉంటుంది? గదిలో ఒక మూలన కూర్చుని స్నేహితుల స్టేటస్‌లు చూస్తూ ఉంటుంది. అమ్మ రెండోసారి అన్నానికి పిలిచి ఉంటుంది. నా మాట వెళ్లాల్సింది ఆ మూలకు. అందుకే స్క్రిప్టు అంతా "నువ్వు" అనే ఉంటుంది, "మీరందరూ" అని ఎక్కడా ఉండదు.

సమయం కూడా ముఖ్యమే. ఫలితాలు మధ్యాహ్నం వచ్చాయనుకుంటే, మెసేజ్ అదే సాయంత్రం ఆరు, ఏడు గంటలకల్లా చేరాలి. మర్నాడు ప్రిన్సిపాల్ సార్ మీటింగ్ పెట్టేదాకా ఆగితే మధ్యలో ఒక రాత్రి గడిచిపోతుంది. అన్నిటికంటే కష్టమైనది ఆ రాత్రే.

రెండో అడుగు: ముందు వాస్తవాల కాగితం

స్క్రిప్టులో ఒక్క వాక్యం రాయకముందు వేరే కాగితం మీద ఖాయంగా తెలిసిన సంగతులు రాసుకోవాలి. ధైర్యం చెప్పడానికి మన దగ్గర ఉన్న సరుకు ఇదే.

నా కాగితం మీద అన్నిటికంటే పైన ఉండే సంగతి: ఫస్టియర్‌లో సబ్జెక్టు పోయినా సెకండియర్ క్లాసులకు వెళ్లవచ్చు, బ్యాక్‌లాగ్ తర్వాత రాసుకోవచ్చు. మనకు ఇది పాత విషయమే. కానీ ఊళ్లో తొలితరం చదువుకుంటున్న ఇంట్లో చాలామందికి తెలియదు. "ఫెయిల్ అంటే మళ్లీ ఫస్టియరే" అని తండ్రి అనుకుంటాడు, పిల్లకు కూడా అనుమానం ఉంటుంది. "నీకు సంవత్సరం పోలేదు" అనే మాటకు ఎన్ని సూక్తులూ సాటిరావు, ఎందుకంటే అది నిజం.

తర్వాత తేదీలు. 2025లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే 22న మొదలైంది. అంటే సరిగ్గా ముప్పై రోజులు. ఫీజు కట్టే గడువు మాత్రం ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం బోర్డు ప్రకటన చూసి తేదీ వేసుకోవాలి. పోయినేడు తేదీ గుర్తున్నదని రాసేయకూడదు. బాధలో ఉన్న పిల్ల ఆ వారం రోజులు కాలేజీ ముఖం చూడదు. గడువు అలాగే దాటిపోతుంది. నేను చూసిన వాటిల్లో నిజంగా నష్టం చేసింది ఫెయిల్ కావడం కాదు, ఈ తేదీ దాటిపోవడం.

ఇంకొకటి, ఒంటరితనం తగ్గించే సంఖ్య. 2025లో ఫస్టియర్ ఉత్తీర్ణత 66.89 శాతం. రాష్ట్రంలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక సబ్జెక్టు పోయింది. దీన్ని కాగితం మీద పెట్టుకుంటాను గానీ స్క్రిప్టులో ఎప్పుడోగానీ వాడను. "అందరికీ పోయింది, నీకూ పోయింది" అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మూడో అడుగు: మార్కుల లెక్కను జాగ్రత్తగా వాడాలి

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

మ్యాథ్స్ 1ఏ పేపరు 75 మార్కులు, పాస్ కావడానికి 26. సెక్షన్ ఏ లో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. బి లో నాలుగు మార్కులవి ఏడిస్తే ఐదు రాయాలి. సి లో ఏడు మార్కులవి ఏడిస్తే ఐదు. మనం వాడుతూ వచ్చిన పేపరు ఇది. రాసేముందు ఆ సంవత్సరం మోడల్ పేపరుతో సరిచూసుకోవాలి.

17 వచ్చిన అమ్మాయికి తక్కువైనవి 9 మార్కులు. ఒక పెద్ద లెక్క, ఒక రెండు మార్కుల ప్రశ్న. ఒక సంవత్సరం నేను ఈ లెక్కనే ఉత్సాహంగా చెప్పాను. "తొమ్మిది మార్కులు, అంతే! ఒక్క పెద్ద లెక్క!" పిల్లలకు ధైర్యం వచ్చింది. కానీ వారం తర్వాత ఒక పిల్లవాడు మాత్రికలు ఒక్క చాప్టరు మాత్రమే చదువుకుని వచ్చాడు. "తొమ్మిదే కద సార్ కావాల్సింది" అన్నాడు. పాత మార్కులు అలాగే ఉంటాయనీ, కొత్తవి వాటికి కలుస్తాయనీ అనుకున్నాడు. తప్పు వాడిది కాదు, నేను చెప్పిన తీరుది. సప్లిమెంటరీలో పేపరు మొత్తం మళ్లీ రాయాలి. పాత 17 మనతో రావు. సున్నా నుంచి 26 తెచ్చుకోవాలి.

కాబట్టి లెక్క చెప్పాలంటే రెండు వైపులా చెప్పాలి. 17 మార్కులు తెచ్చిన చాప్టర్లు ఆ అమ్మాయికి ఎంతో కొంత తెలుసు. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. కానీ వాటిని మళ్లీ చదవాలి, వాటి మీద ఇంకో రెండు చాప్టర్లు కలవాలి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో ఇంత పట్టదు. అందుకే అంకెలను మెసేజ్ నుంచి తీసేసి, తర్వాత మెమో పక్కన పెట్టుకుని కూర్చునేటప్పటికి దాచుకుంటాను. మెసేజ్‌లో "పేపరు మొత్తం మళ్లీ రాయాలి" అన్న ఒక్క నిజం ఉంటే చాలు.

నాలుగో అడుగు: చిత్తుప్రతి రాసి, ప్రతి వాక్యాన్ని ఒకే ప్రశ్న అడగాలి

ముందు మనసుకు తోచినట్టు రాసేయండి. మామూలుగా ఇలా వస్తుంది:

"బాధపడకు. ఓటమే గెలుపుకు తొలిమెట్టు. ఎంతోమంది గొప్పవాళ్లు పరీక్షల్లో ఫెయిలైనవాళ్లే. నువ్వు తలుచుకుంటే ఏదైనా సాధిస్తావు. సప్లిమెంటరీలో తప్పకుండా పాసవుతావు. రీవెరిఫికేషన్ పెట్టు, మార్కులు పెరుగుతాయి. అమ్మానాన్నల కష్టం గుర్తుపెట్టుకో. రేపటి సూర్యుడు నీకోసమే ఉదయిస్తాడు."

ఇప్పుడు ప్రతి వాక్యాన్నీ అడగాల్సింది ఇదే: ఈ పిల్ల సప్లిమెంటరీలో కూడా ఫెయిలైతే, నేను ఈ రోజు చెప్పిన ఈ వాక్యం అబద్ధం అవుతుందా? అయితే కొట్టేయాలి. నిలబడే వాక్యమే ఉంచాలి.

"తప్పకుండా పాసవుతావు" వెంటనే పోతుంది. "తలుచుకుంటే ఏదైనా సాధిస్తావు" అన్నది ఇంకా నష్టం చేస్తుంది. రెండోసారి పోతే, "అంటే నేను గట్టిగా తలుచుకోలేదన్నమాట" అని తప్పంతా పిల్ల తన మీదే వేసుకుంటుంది. గొప్పవాళ్ల కథలు అబద్ధాలు కాకపోవచ్చు. కానీ మూలన కూర్చున్న అమ్మాయికి ఆ పేర్లతో ఏం సంబంధం? వాళ్లకు ఏమున్నదో, తనకు ఏం లేదో ఆ పిల్లకు తెలుసు.

"బాధపడకు" అన్నది చిన్నమాటలా కనిపిస్తుంది గానీ దాన్నీ కొట్టేస్తాను. పడుతున్న బాధను పడొద్దంటే, దాన్ని మన ముందు దాచుకోమని చెప్పినట్టు. "ఇయ్యాల బాధ అయితది" అంటే చాలు.

అమ్మానాన్నల కష్టం గురించిన వాక్యాన్ని నేను ఎవరి స్క్రిప్టులో చూసినా తీసేయమంటాను. ఆ సాయంత్రం ఆ పిల్ల మోస్తున్న బరువే అది. పత్తి ఏరిన చేతులు, అమ్మిన గొర్రె, కట్టిన బస్ పాస్, అన్నీ తనకు గుర్తున్నాయి. మనం గుర్తుచేస్తే ఆ బరువు మీద ఇంకో మూట పెట్టినట్టు.

రీవెరిఫికేషన్ సంగతి విడిగా చెప్పాలి. రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక మళ్లీ చూడటం. రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే స్కాన్ చేసిన జవాబు పత్రం కాపీ కూడా వస్తుంది. 2025లో రీకౌంటింగ్‌కు పేపరుకు 100 రూపాయలు, రీవెరిఫికేషన్‌కు 600. బాగా రాశాననే నమ్మకం ఉన్న పిల్ల తప్పకుండా పెట్టుకోవాలి, అది తన హక్కు. కానీ దాన్ని ఆశగా అమ్మకూడదు. 2019లో ఫలితాల్లో తప్పులు బయటపడి పెద్ద గొడవ అయ్యాక, ఫెయిలైనవాళ్లందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. దాదాపు 3.8 లక్షల మందిలో పాసైనట్టు తేలింది 1,137 మంది. ఆ పదకొండు వందల మందికి అది జీవితమంత విషయం. మిగతావాళ్లకు మాత్రం ఎదురుచూపులో చదువుకునే రోజులు పోతాయి. కాబట్టి సలహా ఒకటే: దరఖాస్తు పెట్టుకో, కానీ సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టు, పుస్తకం కూడా తెరువు. ఇది కూడా వాయిస్ మెసేజ్‌లో కాదు, తర్వాత ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

ఇలా కొట్టేసుకుంటూ పోతే పై చిత్తుప్రతిలో ఒక్క వాక్యమూ మిగలదు. కంగారుపడక్కర్లేదు. వాస్తవాల కాగితం ఉంది కదా.

ఐదో అడుగు: ఇవ్వగలిగిన మాటే ఇవ్వాలి

పిల్ల ఏం సాధిస్తుందో మన చేతిలో లేదు. మనం ఏం చేస్తామో మన చేతిలో ఉంది. స్క్రిప్టుకు నడుము ఇదే: నేను ఫలానా రోజు నుంచి, ఫలానా గదిలో, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఉంటాను. ఈ వాక్యం రాసేముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, ఎండాకాలం సెలవుల్లో గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోవాలి. ఒక ఏడాది నేను మాట ఇచ్చి వెళ్తే గేటుకు తాళం ఉంది. ముగ్గురు పిల్లలు ఎండలో అరగంట నిలబడి ఇంటికి పోయారు. అందులో ఒకరు మళ్లీ రాలేదు.

నెల అంతా రాలేకపోతే వారమే అనండి. వారానికి మాటిచ్చి వారం ఉంటే ఆ పిల్లలు మిగతా రోజులకు ఫోన్ చేసి అడుగుతారు.

స్క్రిప్టు

నేను వాడేది ఇది. మేం మాట్లాడుకునే యాసలోనే రాసుకుంటాను. క్లాసులో ఎట్లా మాట్లాడతానో వాయిస్‌లోనూ అట్లాగే ఉండాలి. పత్రిక భాషలో చదివితే ఎవరో రాసిచ్చింది చదువుతున్నాడని తెలిసిపోతుంది.

"బిడ్డా, మ్యాథ్స్ సార్‌ను మాట్లాడుతున్న. రిజల్ట్ చూసిన. నీకు ఎన్ని వచ్చినయని ఇప్పుడు అడగను.

ఇయ్యాల బాధ అయితది. ఏడుపొస్తే ఏడువు. స్టేటస్‌లు ఇయ్యాల చూడకు, రేపు చూద్దువు.

మూడు సంగతులు చెప్తా. ఒకటి, ఫస్టియర్‌ల సబ్జెక్టు పోయినా నువ్వు సెకండియర్ క్లాసులకు వస్తవు. నీకు సంవత్సరం పోలేదు. ఇంట్ల కూడా ఈ మాట చెప్పు, కావాలంటే ఈ మెసేజ్ వినిపియ్యి. రెండు, పోయిన సబ్జెక్టే మళ్లీ రాయాలె, పాసైనయి రాసుడు అక్కర్లేదు. మూడు, ఆ పేపరు మాత్రం మొత్తం మళ్లీ రాయాలె. అది అల్కగ అయితదని నేను అనను. పాస్ అయితవని మాట కూడా ఇయ్యను.

నేను ఇచ్చే మాట ఇది. ఎల్లుండి సంది పరీక్ష దాకా, ఆదివారం తప్ప, రోజూ పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆరో నంబర్ రూంల ఉంటా. మెమో తెచ్చుకో. తేకున్నా రా. తిట్టను. అందరి ముంగట ఎందుకు పోయిందని అడగను.

ఫీజుకు ఆఖరు తారీఖు ఏప్రిల్ ముప్పై. పైసలకు ఇబ్బంది ఉంటే నాకు విడిగ చెప్పు. తారీఖు మాత్రం దాటనియ్యకు.

రాత్రి ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే నాకు మిస్డ్ కాల్ ఇయ్యి, పదకొండు దాకా నేనే చేస్తా. మనసు మరీ భారమైతే, బతకబుద్ధి కాకపోతే, 14416కు చెయ్యి. పైసలు పడయి, తెలుగుల మాట్లాడతరు, రాత్రి పగలు పనిచేస్తది.

ఇప్పుడు లేచి ఇంత అన్నం తిను. తిన్నంక నాకు 'తిన్న సార్' అని పెట్టు. నేను చూస్తుంట."

నిదానంగా చదివితే రెండు నిమిషాల లోపే. తెలుగులో ఇలాంటి మాటలు నిమిషానికి వంద పదాలు దాటితే వార్తలు చదివినట్టు ఉంటుంది. నిడివి పెరిగితే మాటల వేగం పెంచకండి, ఒక వాక్యం తీసేయండి. తారీఖు, గది, గంటలు మీవి పెట్టుకోవాలి. 14416 అన్నది టెలి మానస్ నంబరు, మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపేది. స్క్రిప్టులో పెట్టేముందు మీరే ఒకసారి చేసి చూడండి. తెలుగు కోసం ఏం నొక్కాలో తెలిస్తే పిల్ల అడిగినప్పుడు చెప్పగలుగుతారు.

చివరి వాక్యం గురించి చెప్పాలి. "తిన్న సార్" అనే జవాబు అడగడం ప్రేమతోనే, కానీ దానికి ఒక పని కూడా ఉంది. రాత్రి ఎనిమిది గంటలకు నా దగ్గర రెండు జాబితాలు ఉంటాయి. జవాబు పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు. పెట్టనివాళ్లందరికీ ఆ రాత్రే ఫోన్ చేస్తాను. చాలామంది ఫోన్ చార్జింగ్ లేక, నెట్ బ్యాలెన్స్ లేక పెట్టి ఉండరు. ఒకరిద్దరి సంగతి వేరుగా ఉంటుంది. ఆ ఒకరిద్దరిని కనుక్కోవడానికే ఈ వాక్యం.

ఆరో అడుగు: పంపే పద్ధతి

క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. గ్రూపులో "తిన్న సార్" అని జవాబిస్తే ఆ పిల్ల ఫెయిలైందని అరవై మందికి తెలుస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడవచ్చు గానీ, మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది. తండ్రి ఫోన్‌కో, అన్న ఫోన్‌కో పంపాల్సిన చోట ఇది తరచుగా ఆగిపోతుంది. ఇరవై, ముప్పై మందే కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా పంపడమే నయం. మొదట్లో పేరు పెట్టి పిలుస్తూ ఐదు సెకన్ల చిన్న మెసేజ్ కలిపితే ఇంకా మంచిది.

రికార్డు చేసేటప్పుడు వెనక పాట, సంగీతం పెట్టవద్దు. వీడియో వద్దు. మన ముఖంలో జాలి కనిపిస్తే పిల్లలు ఓర్చుకోలేరు. నయీంనగర్ రోడ్డు పొడుగునా ర్యాంకుల ఫ్లెక్సీలు లేచే రోజులు అవి. మన కాలేజీ టాపర్‌కు శుభాకాంక్షలు చెప్పే పోస్టు కూడా మీరే పెట్టాల్సి ఉంటే, దాన్ని ఒక్కరోజు ఆపండి. ఒకే నంబరు నుంచి గంట తేడాతో రెండూ వస్తే మొదటిదాన్ని ఎవరూ నమ్మరు.

పంపేముందు, ఇదివరకు సప్లిమెంటరీ రాసిన ఒక సీనియర్‌కు వినిపించండి. నా స్క్రిప్టులో మొదట "భయపడకు, నేనున్నా" అని ఉండేది. డిగ్రీ చదువుతున్న ఒక పాత విద్యార్థిని విని, "నేనున్నా అంటే ఏడ సార్? ఎన్ని గంటలకు?" అన్నది. గది నంబరు, గంటలు వచ్చింది ఆ ప్రశ్నతోనే.

ఇంటివాళ్లకు వేరే మాట

తల్లిదండ్రులకు అదే మెసేజ్ పంపితే సరిపోదు. వాళ్లతో ఫోన్‌లోనే మాట్లాడతాను, అర నిమిషం చాలు. "అన్నా, బిడ్డకు సంవత్సరం పోలే, సెకండియర్‌కు వస్తది. ఇయ్యాల ఒక్క రాత్రి ఇంట్ల రిజల్ట్ ముచ్చట తియ్యకుండ్రి. ఒక్కదాన్ని ఉండనియ్యకుండ్రి. చేనుకు తెచ్చిన మందులు ఇంట్ల ఉంటే తాళం ఏసి పెట్టుండ్రి." చివరి మాట చెప్పడానికి నోరు రాదు. అయినా చెబుతాను. మన జిల్లాల్లో పత్తి, మిర్చి వేసే ఇళ్లలో ఆ డబ్బాలు దూలం పక్కనో, మంచం కిందో ఉంటాయి. ఈ మాట పెద్దవాళ్లకే, అదీ విడిగానే. పిల్లలకు పంపే స్క్రిప్టులో దాని ఊసు రాకూడదు. ఎవరో ఏదో చేసుకున్నారన్న వార్తలు కూడా రాకూడదు, "అట్లా చేయొద్దు" అని చెప్పడానికైనా సరే.

స్క్రిప్టు పనికిరాని చోట

జవాబు పెట్టకుండా, ఫోన్ ఎత్తకుండా ఉన్న పిల్లకు, "నేను లేకపోతేనే నయం" లాంటి మాట అన్న పిల్లకు, తన వస్తువులు పంచిపెట్టిన పిల్లకు రికార్డు చేసిన మాట చాలదు. అప్పుడు మనిషి వెళ్లాలి. దగ్గరి ఊరి లెక్చరర్‌నో, మేనమామనో పంపించాలి. ఎదురుగా కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తుందా బిడ్డా?" అని నేరుగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుని మాట్లాడటమే నేను చూశాను. అవునంటే ఒంటరిగా వదలకూడదు. పక్కనే కూర్చుని 14416కు ఫోన్ కలిపి ఇవ్వాలి. ప్రమాదం ఆ క్షణంలోనే ఉందనిపిస్తే 112కు చేయాలి, లేదా నేరుగా దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సెకండియర్‌కు మార్చాలంటే

ఇదే స్క్రిప్టును సెకండియర్ వాళ్లకు పంపకండి. "సంవత్సరం పోలేదు" అన్న మాట వాళ్ల విషయంలో నిలబడదు. సప్లిమెంటరీ ఫలితాలు వచ్చాక డిగ్రీలో చేరడానికి దోస్త్ విడత మిగిలి ఉందో లేదో ఆ ఏడాది షెడ్యూలు చూసి, ఉంటే ఆ తేదీతో సహా చెప్పాలి. ఎప్‌సెట్ రాస్తున్నవాళ్లకు "పాసైతే చాలు, ర్యాంకుకు ఇంటర్ మార్కులు కలపరు" అనడం సగం నిజం. ర్యాంకుకు వెయిటేజీ తీసేశారు, నిజమే. కానీ ఇంజనీరింగ్‌లో చేరాలంటే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. 35తో గట్టెక్కిన పిల్ల ఈ సంగతి కౌన్సెలింగ్ దగ్గర తెలుసుకుంటే, మన మాట మీద పెట్టుకున్న నమ్మకం అక్కడే పోతుంది.

ఆరో నంబర్ గదిలో

నర్సంపేట అమ్మాయి మొదటి రోజు రాలేదు. రెండో రోజు పదకొండు గంటలకు తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చింది. మార్కుల సంగతి ఎత్తకుండా 1ఏ ప్రశ్నపత్రం ముందు పెట్టాను. "రాసినవి టిక్ పెట్టు" అన్నాను. సెక్షన్ ఏ లో పదికి నాలుగే రాసింది. మిగతా ఆరింట్లో మూడు తనకు వచ్చినవే, పెద్ద లెక్కలతో కుస్తీ పడుతూ టైం అయిపోయింది. మాత్రికల్లో సాధారణంగా రెండు పెద్ద ప్రశ్నలు వస్తాయి, ఒకటి సగంలో ఆగింది, కూడికలో తప్పుపోయి. ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, పక్కన తేదీలు వేశాం. మొదటి వారం రెండు మార్కుల ప్రశ్నలు మాత్రమే, రోజుకు ఆరు. రెండో వారం మాత్రికలు. తర్వాత సదిశలు, ప్రమేయాలు. వెళ్లేటప్పుడు తమ్ముడు అడిగాడు, "అక్క పాసైతదా సార్?" అమ్మాయి కూడా ఆగి నా వైపు చూసింది.

"తెల్వది బాబూ," అన్నాను. "రేపు తొమ్మిదిన్నరకు వస్తే ఆరు లెక్కలు అయితయి."

మర్నాడు తొమ్మిదింబావుకే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.